క్విక్ డ్రై ప్యాంటు కొనేముందు జేబులు బయటికి లాగి చూడండి

ప్రశ్న: చిన్న బ్యాగుతో టూర్‌కి వెళ్తున్నాను. రాత్రి హోటల్ సింకులో ఉతికితే పొద్దున్నకి ఆరిపోయే బట్టలు ఏవి? ముడతలు పడకుండా ఏం చేయాలి?

పలచటి పాలిస్టర్ లేదా నైలాన్ తీసుకోండి. అయితే లేబుల్ చూసి కొనేయకండి, లోపలివైపు తిప్పి చూసి కొనండి. ఒకసారి నేనూ మా తమ్ముడూ ఒకే గదిలో దిగాం. రాత్రి ఇద్దరం ప్యాంట్లు ఉతికి ఆరేశాం. తెల్లారి చూస్తే వాడి ప్యాంటు కాళ్లు పొడిగా ఉన్నాయి, నడుం పట్టీ, జేబులు మాత్రం తడితడిగా ఉన్నాయి. పైన అంతా నైలానే, జేబు సంచులకి మాత్రం మందపాటి కాటన్ వేశారు! బస్సు టైమ్ అవుతోందని వాడు అలాగే తొడుక్కున్నాడు. కాసేపటికి జేబుల తడి తొడల మీదికి పాకి, పైకి రెండు మచ్చల్లా కనిపించింది. అంత ధర పెట్టి అమ్మేవాళ్లు జేబుకి జాలీ గుడ్డ వేస్తే ఏం పోతుంది?

కాటన్ నూలు నీళ్లని తన లోపలికే పీల్చుకుంటుంది. పాలిస్టర్ దాదాపు పీల్చదు, నీళ్లు పోగుల మధ్య సందుల్లో మాత్రమే నిలుస్తాయి. అందుకే పిండితే చాలావరకు వచ్చేస్తాయి. ఆ పిండటం దగ్గరే చాలామంది తొందరపడతారు. చేత్తో పిండాక, పొడి తువ్వాలు మంచం మీద పరిచి, దానిపై బట్ట పెట్టి, రెండూ కలిపి చాపలా చుట్టండి. చుట్టని నేల మీద పెట్టి కాలితో అంచు నుంచి అంచుదాకా తొక్కండి. విప్పేసరికి తువ్వాలు బరువెక్కి ఉంటుంది, చొక్కా చేతికి చల్లగా తగులుతుందే తప్ప నీరు కారదు. ఆ తర్వాత బాత్రూంలో ఆరేయకండి, అక్కడి గాలిలోనే తేమ ఎక్కువ. గదిలో ఫ్యాన్ కిందో, ఏసీ గాలి తగిలేచోటో, జేబులు బయటికి లాగి హ్యాంగర్‌కి వేయండి.

సింకులో సబ్బు కాస్త చాలు. షాంపూ అయితే అర చెంచా. కండిషనర్ కలిసినది మాత్రం వద్దు, పోగుల మీద పూతలా మిగిలి చెమటని బట్టలోకి పాకి ఆరిపోనివ్వదు. నురగ పోయేదాకా నీళ్లు మార్చండి.

ముడతల సంగతికొస్తే, వేడినీళ్లు వాడకండి. పాలిస్టర్ వేడికి మెత్తబడుతుంది. మెలిపెట్టి పిండి అలాగే చల్లారనిస్తే ఆ గీతలు ఇస్త్రీకి గానీ పోవు. చల్లనీళ్లలో ఉతికి, తడిగా ఉండగానే కాలరు, గుండీ పట్టీ చేత్తో సాగదీసి ఆరేస్తే చాలు. బ్యాగులో మడతపెట్టకుండా చుట్టి సర్దండి.

ఒక ఇబ్బంది చెప్పాలి. పాలిస్టర్‌కి ఒంటి జిడ్డు పట్టుకుని త్వరగా వాసన వస్తుంది, అందుకే బనియన్లకి నేను పలచటి మెరినో గొర్రెల ఊలువి వాడతాను. అది అంత త్వరగా వాసన పట్టదు కానీ ఆరడానికి ఇంకాస్త టైమ్ తీసుకుంటుంది. కాబట్టి దాన్ని పొద్దున్నే బయల్దేరాల్సిన రోజు ముందురాత్రి ఉతకను.