స్టాల్‌కి రండి అన్నారు, వెళ్తే కలవాల్సిన మనిషే లేడు

"ట్రేడ్ ఫెయిర్‌కి ముందు, అక్కడ స్టాల్ పెడుతున్న నలభై మందికి మెయిల్ పెట్టాను. పదిమంది 'మా స్టాల్‌కి రండి' అన్నారు. వెళ్తే మాట్లాడాల్సినవాళ్లు ఇద్దరే దొరికారు. వచ్చే నెల ఇంకో ఫెయిర్ ఉంది, ఏం చేయాలి?"

"మా స్టాల్‌కి రండి" అంటే అపాయింట్‌మెంట్ కాదండీ, మర్యాదకి అనే మాట. మీ మెయిల్‌లో టైమ్ లేకపోయి ఉంటుంది, అందుకే వాళ్లూ టైమ్ చెప్పలేదు.

1. నాలుగైదు వారాల ముందే రాయండి. ఆఖరి వారంలో వాళ్లు స్టాల్ పనుల్లో మునిగిపోయి ఉంటారు.

2. టైమ్ మీరే చెప్పండి, రెండే రెండు. ఇలా: "బుధవారం 10:30 లేదా గురువారం 2:00, మీ స్టాల్‌లోనే, 20 నిమిషాలు. 500 గ్రాముల పౌచ్ ప్యాకింగ్ ధర, కనీస ఆర్డర్ గురించి."

3. అందరూ వదిలేసేది ఇదే: ఆ టైమ్‌కి స్టాల్‌లో ఎవరుంటారో పేరు, మొబైల్ నంబర్ అడగండి. మెయిల్‌కి జవాబిచ్చేది ఆఫీసులో ఉండే మనిషి, ఫెయిర్‌కి వచ్చేది వేరే మనిషి. మీరు అమ్మడానికి వెళ్తుంటే ఇది మరీ ముఖ్యం. స్టాల్‌లో ఉండేది సేల్స్ వాళ్లు, కొనుగోళ్లు చూసేవాళ్లు చాలాసార్లు ఒక్కరోజే వస్తారు. ఆ రోజేదో అడిగి, ఆ మనిషి పేరు మీదే క్యాలెండర్ ఇన్వైట్ పంపండి. ఇన్వైట్ యాక్సెప్ట్ చేయకపోతే మీటింగ్ ఖాయం కానట్టే, ఫోన్ చేయండి.

4. ఒక పూట ఒకే హాల్. మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య అరగంట వదలండి. రోజుకి ఆరు చాలు.

5. ముందురోజు సాయంత్రం ఆ మొబైల్‌కి ఒక మెసేజ్: హాల్, స్టాల్ నంబర్, టైమ్.