అడ్డిగ మార్చే ముందు

చి. ల. సౌ. శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారిచ్చిన కెంపుల అడ్డిగ మార్చి గొలుసు తీసుకుంటానని మీ అమ్మ చెప్పింది. టీ నగర్‌లో ఒక షాపు వాళ్ళు "పాత బంగారానికి జీరో డిడక్షన్" అన్నారని సంబరపడుతున్నావట. ఆ మాట దగ్గరే ఆగకు. తరుగు శాతం ఎంతని అడగడం అందరికీ తెలుసు కాబట్టి షాపువాళ్ళు దాన్ని సున్నా చేసి బోర్డు పెడతారు. పోయేదంతా ఎవరూ అడగని చోట పోతుంది.

మీ అక్క పెళ్ళికి నేను పాత గాజులు మార్చినప్పుడు జరిగింది చెబుతాను. ఇక్కడే, పేరున్న షాపులోనే. గాజులు 30 గ్రాములు తూగాయి. రాళ్ళూ లేవు, లక్కా లేదు. మెషిన్‌లో పెడితే 88 శాతం బంగారమని వచ్చింది. అది నిజమే. హాల్‌మార్క్ మనకు 2000లో గాని రాలేదు, అంతకుముందు చేయించిన వాటిలో అతుకుపొడి ఎక్కువ పడి అలాగే ఉంటాయి. ఆ అబ్బాయి 30 గ్రాములను 88 శాతంతో గుణించి 26.4 గ్రాములు తేల్చాడు. దాన్ని ఆ రోజు 22 క్యారెట్ల రేటుతో హెచ్చించి బిల్లులో తగ్గించాడు. "తరుగు ఏమీ తియ్యలేదమ్మా" అన్నాడు. నేనూ కాఫీ తాగి ఇంటికొచ్చాను.

వారం తర్వాత మీ పెదనాన్న ఆ బిల్లు చూసి తల పట్టుకున్నారు. 22 క్యారెట్లంటేనే 91.6 శాతం బంగారం, దాని రేటులో ఆ తగ్గింపు అప్పటికే ఉంది. 88 శాతమనేది స్వచ్ఛమైన బంగారం లెక్క. దాన్ని 24 క్యారెట్ల రేటుతోనైనా హెచ్చించాలి, లేదా 91.6తో భాగించి 22 క్యారెట్ల రేటుతోనైనా హెచ్చించాలి. మా 30 గ్రాములను 88తో గుణించి 91.6తో భాగిస్తే 28.82 గ్రాములు రావాలి. మాకిచ్చింది 26.4. పావు సవరన్ పైనే పోయింది, అదీ "జీరో డిడక్షన్" బిల్లులో. అడగడానికి వెళ్తే గాజులు కరిగిపోయాయన్నారు.

కాబట్టి నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "ప్యూరిటీ శాతాన్ని ఏ రేటుతో లెక్కేస్తారు?" నసిగారంటే లేచి వచ్చెయ్. మరో మాట కూడా అడుగు. పాత బంగారానికి వేసే రేటూ, కొత్తదానికి వేసే రేటూ ఒకటేనా అని. కొందరు కొనే రేటు వేరే పెట్టుకుంటారు. అదీ తరుగే, పేరొక్కటే మారింది.

ఇక నీ అడ్డిగ. దానికి రాళ్ళున్నాయి, వాటి కింద లక్క ఉంది. అందుకే గాజుల కంటే దీనికే జాగ్రత్త ఎక్కువ కావాలి. మెషిన్ పైపొరనే చదువుతుంది. అతుకు మీద పెడితే తక్కువ చూపిస్తుంది, పాత నగకు పూత వేయించి ఉంటే ఎక్కువ చూపిస్తుంది. ముందూ వెనకా మూడు చోట్ల చూపించమను. రాళ్ళ బరువు మాత్రం అందాజుగా తియ్యనివ్వకు. విప్పించి, లక్క తీయించి, బంగారాన్ని విడిగా నీ కళ్ళముందు తూయించు. కెంపులు నీవే, అడిగి తెచ్చుకో. అడక్కపోతే ఇవ్వరు.

మొన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన వివరాలతో రెండు షాపుల లెక్క కట్టి చూశాను. రూపాయల్లో కడితే రోజుకో రేటు, తల తిరుగుతుంది. గ్రాముల్లో కడితే తేలిక, నువ్వూ అలాగే కట్టు. అడ్డిగ మొత్తం 36 గ్రాములు. నీకు కావాల్సిన గొలుసు రెండు చోట్లా 32 గ్రాములే, నాలుగు సవరన్లు.

జీరో డిడక్షన్ షాపువాళ్ళు రాళ్ళకూ లక్కకూ అందాజున ఏడున్నర గ్రాములు తీసేస్తామన్నారు. 28.5 మిగిలింది. దీనికీ నా గాజుల్లాగే 88 శాతమే వస్తుందనుకుని, లెక్క సరిగ్గానే వేసినా 22 క్యారెట్ల కింద 27.38 గ్రాములవుతుంది. వాళ్ళ గొలుసుకు వేస్టేజీ 18 శాతం, అంటే 5.76 గ్రాములు కలిపి 37.76 గ్రాములకు డబ్బు కట్టాలి. నీ పాతది పోను ఇంకా 10.38 గ్రాములకు డబ్బు పెట్టాలన్నమాట.

రెండో షాపు రెండు శాతం తరుగు తీస్తుంది కాబట్టి నువ్వు వద్దన్నావట. వాళ్ళు రాళ్ళు విప్పి తూస్తే బంగారం 30 గ్రాములు ఉంటుందనుకో. కరిగిస్తే లక్కా మురికీ పోయి 29.8 అవుతుందనుకుందాం. అదే 88 శాతానికి 28.63 వస్తుంది, రెండు శాతం తీసేసినా 28.06. గొలుసుకు వేస్టేజీ 12 శాతం కాబట్టి కట్టాల్సింది 35.84 గ్రాములకు. తేడా 7.78 గ్రాములు. అంటే తరుగు తీసే షాపే నీకు 2.6 గ్రాములు తక్కువ పడుతుంది. గ్రాము పదివేలనుకున్నా ఇరవయ్యారు వేలు. అందులోనూ ఎక్కువ భాగం కొత్త గొలుసు వేస్టేజీలోనే ఉంది చూడు. పాతదాని మీద దయ చూపించినవాళ్ళు కొత్తదాని మీద వసూలు చేసుకుంటారు. జీఎస్టీ మూడు శాతం ఎలాగూ కొత్త గొలుసు మొత్తం ధర మీద పడుతుంది, నువ్వు పైన కట్టే తేడా మీద మాత్రమే కాదు. దానికి గొడవపడి లాభం లేదు.

అందుకని వెళ్ళగానే బ్యాగులోంచి అడ్డిగ తియ్యకు. ముందు గొలుసు చూడు, డబ్బిచ్చి కొనేదానిలా వేస్టేజీ బేరమాడు, ఎంతకు దిగారో చీటీ మీద రాయించు. ఆ తర్వాతే పాతది ఉందని చెప్పు. "ఎక్స్ఛేంజ్ అయితే ఆ తగ్గింపు లేదు" అంటే, ఆ పోయిన శాతం కూడా పాతదాని తరుగులోనే కలిపి చూసుకో.

కరిగించడం మాత్రం చివరి మెట్టు. కరిగాక అది అడ్డిగ కాదు, ముద్ద. ఇంకో షాపుకి తీసుకెళ్ళినా బంగారం బంగారమే గానీ అడ్డిగ వెనక్కి రమ్మంటే రాదు. అందుకే రెండు మూడు చోట్ల మెషిన్ రీడింగు, రాళ్ళు తీశాక బరువు, రేటు అన్నీ చీటీల మీద చేరాకే ఒకచోట కరిగించడానికి ఒప్పుకో. లెక్క నచ్చకపోతే ముద్ద ఇచ్చేస్తారా అని ముందే అడుగు. కరిగించేటప్పుడు అద్దం బయట కూర్చోకుండా పక్కన నిలబడు, మూసలో అడుగున ఏమీ మిగల్లేదని చూసుకో. కరిగించక ముందూ తర్వాతా బరువు రాసుకో.

కొత్త గొలుసు మీద బీఐఎస్ గుర్తూ, 22కె916 అనీ, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ నంబరూ ఉంటాయి. ఆ ఆరూ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు. బిల్లు మీద కూడా ఉందో లేదో చూసుకో. పదేళ్ళకు మళ్ళీ మార్చాలనిపిస్తే నీకు ఈ 88 శాతం గొడవ ఉండదు.

అక్షయ తృతీయ ముందు వారం వెళ్ళకు, ఆ జనంలో నీ రాళ్ళు విప్పి తూచే ఓపిక ఎవరికీ ఉండదు. మామూలు రోజు పొద్దున పదకొండు లోపల వెళ్ళు. మీ ఆయన్ను కూడా తీసుకెళ్ళు, లెక్కలకి కాదు, నువ్వు గొలుసు చూసి మురిసిపోయేటప్పుడు త్రాసు వైపు చూడ్డానికి. అడ్డిగలో ఎన్ని కెంపులున్నాయో ఇంటి దగ్గరే లెక్కపెట్టి, ముందూ వెనకా ఫోటో తీసి నాకు పంపు.

ఇట్లు,
పెద్దమ్మ
నంగనల్లూరు