కన్‌సైన్‌మెంట్‌లో మిగిలిన సరుకు ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్ షాపుకి కన్‌సైన్‌మెంట్ మీద పూతరేకులు పంపాం, మార్చి 31కి మిగిలినవి ఎవరి స్టాకు, సేల్ ఎప్పుడు రాయాలి?

మిగిలినవి మీవే, షాపువాడు కస్టమర్‌కి అమ్మినప్పుడే మీకు సేల్. అతను కొనలేదు కదా, కమీషన్‌కి అమ్మిపెడుతున్నాడంతే, అమ్ముడవకపోతే వెనక్కి పంపేస్తాడు, అతని తప్పు లేకుండా పాడైతే ఆ నష్టమూ మీదే.

ఆత్రేయపురంలో బాక్సు 150 పడింది, 200 పంపారు, లారీ కిరాయి 2,000, అంటే బాక్సు 160. మార్చి 31 లోపు 140 అమ్మాడనుకోండి, షాపువాడు పంపే అమ్మకాల లెక్క, అంటే అకౌంట్ సేల్స్, ఏప్రిల్‌లో వచ్చినా సరే ఆ 140కి 250 చొప్పున 35,000 మార్చిలోనే సేల్, కమీషన్ అందులోంచి తీసేయకుండా విడిగా ఖర్చు రాయాలి. మిగిలిన 60 బాక్సులు 9,600కి మీ స్టాకు, పాతబడి బాక్సుకి ఆ 160 కూడా రాదనిపిస్తే తగ్గించాలి.

చాలామంది అడ్వాన్స్ పడగానే సేల్ కొట్టేస్తారు, సరుకు అమ్మేదాకా అది షాపువాడికి మీ బాకీయే.