ఆఫీసు అల్ట్రాబుక్‌లో పాత 3డి గేమ్స్: పది నిమిషాల తర్వాత ఏం జరుగుతుంది?

ప్రశ్న: "ఆఫీసు పని కోసం తీసుకున్న సన్నటి అల్ట్రాబుక్ ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పని అయ్యాక కాసేపు రిలాక్స్ అవడానికి క్యాజువల్ గేమ్స్, పాత 3డి గేమ్స్ దీంట్లో ఆడుకోవచ్చా? లాప్‌టాప్ పాడవుతుందేమోనని చిన్న టెన్షన్."

ఆడుకోవచ్చు. పాడవుతుందన్న భయం అక్కర్లేదు. వేడి మరీ పెరిగితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అయితే చిక్కు కూడా అక్కడే వస్తుంది. గేమ్ మొదలుపెట్టిన కొత్తలో హాయిగా నడుస్తుంది, కాసేపయ్యాక కుంటడం మొదలుపెడుతుంది. చాలామంది అది చూసి, ఈ గ్రాఫిక్స్ ఈ గేమ్‌ని మోయలేదని తీసేస్తారు. నేను చూసినంతలో పాత గేమ్స్‌కి గ్రాఫిక్స్ చాలకపోవడం తక్కువ, దానికి అందే కరెంటు చాలకపోవడం ఎక్కువ.

పేకాట, పజిల్స్, 2డి ఫార్మింగ్ గేమ్స్ లాంటివి ఆలోచించకుండా వేసుకోండి. మిగతాదంతా 3డి గేమ్స్ గురించే చెప్తాను.

నా మెషీన్‌లో ఉన్నది i5-8250U, దాంతో వచ్చే UHD 620 గ్రాఫిక్స్. ఈ ప్రాసెసర్‌కి నిలకడగా వాడుకోవడానికి ఉన్న కోటా 15 వాట్లు. ఆ 15 వాట్లను సీపీయూ కోర్లు, గ్రాఫిక్స్ రెండూ పంచుకోవాలి. ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టినట్టు, ఒకటి ఎక్కువ పట్టుకుంటే రెండోదానికి తగ్గుతుంది. గేమ్ తెరిచిన మొదటి కొన్ని సెకన్లు, అవసరాన్ని బట్టి వేగం పెంచే టర్బో పుణ్యమా అని కోటా మించి వాడుకోనిస్తుంది, తర్వాత 15కి దించేస్తుంది. కొన్ని సన్నటి మోడళ్లలో లాప్‌టాప్ పైభాగం బాగా వేడెక్కితే ఆ 15 కూడా ఇంకా తగ్గిపోతుంది. చేతులు కాలకుండా తయారీదారు పెట్టుకున్న ఏర్పాటది. అందుకే మొదటి ఐదు నిమిషాలు చూసి గేమ్ ఆడుతుందా లేదా అని తీర్పు ఇవ్వకూడదు. అరగంట ఆడి చూడాలి.

నేను దగ్గరుండి గమనించింది పోర్టల్ 2. 2011లో వచ్చిన గేమ్. స్క్రీన్ 1920×1080, సెట్టింగ్స్ అన్నీ పైన, ఫ్రేమ్‌లకు లిమిట్ లేదు. మొదట్లో చక్కగా ఉంది. కాసేపటికి తల తిప్పినప్పుడల్లా బొమ్మ అతుక్కుంటున్నట్టు అనిపించింది. క్లాక్, వాట్లు చూపించే HWiNFO ప్రోగ్రామ్ పక్కన తెరిచి ఉంచాను కాబట్టి విషయం తెలిసింది. గ్రాఫిక్స్ క్లాక్ 1100 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది బాగా కిందికి పడిపోయింది. CPU Package Power మాత్రం 15 దగ్గర గీత గీసినట్టు కదలకుండా ఉంది. సీపీయూ కోర్లేమో టర్బోలో మూడు గిగాహెర్ట్జ్ దాటి పరుగెడుతున్నాయి. అంటే కోటాలో పెద్ద వాటా వాళ్లే తినేస్తున్నారు, అంత వేగం ఈ పాత గేమ్‌కి అక్కర్లేకపోయినా.

దీనికి నేను చేసినవి మూడు పనులు.

మొదటిది ఫ్రేమ్‌లకు లిమిట్. లిమిట్ లేకపోతే గ్రాఫిక్స్ చేతనైనన్ని ఫ్రేమ్‌లు గీస్తూనే ఉంటుంది, స్క్రీన్ సెకనుకు 60 కంటే ఎక్కువ చూపించలేకపోయినా సరే. పాత గేమ్స్‌లో ఈ రోగం మెనూలోనే కనిపిస్తుంది. ఆట ఇంకా మొదలవదు, ఖాళీ మెనూకే ఫ్యాన్ హోరెత్తుతుంది. గేమ్‌లో ఫ్రేమ్‌లను స్క్రీన్ వేగానికి కట్టేసే వీసింక్ ఉంటే ఆన్ చేయండి. పోర్టల్ 2, హాఫ్-లైఫ్ 2 లాంటి సోర్స్ ఇంజిన్ గేమ్స్‌లో డెవలపర్ కన్సోల్ తెరిచి ఇలా కొట్టినా చాలు:

```
fps_max 60
```

రెండోది రిజల్యూషన్. 1920×1080 అంటే ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. 1600×900 అంటే 14.4 లక్షలు. 1280×720 అంటే 9.2 లక్షలు, సగం కంటే తక్కువ. పదమూడు, పద్నాలుగు అంగుళాల స్క్రీన్ మీద 900కీ 1080కీ తేడా ఆటలో పడ్డాక పెద్దగా పట్టదు. 720 మాత్రం కొంచెం మసకగానే ఉంటుంది, అక్షరాలు చిన్నగా ఉండే గేమ్స్‌లో చికాకు పెడుతుంది. కాబట్టి ముందు 900 ప్రయత్నించి, కుదరకపోతేనే 720కి దిగండి. యాంటీఅలియాసింగ్ తీసేయండి, షాడోస్ ఒక మెట్టు తగ్గించండి. టెక్స్చర్లు మాత్రం తగ్గించనక్కర్లేదు. ఆ కాలపు టెక్స్చర్లు ఇప్పటి ర్యామ్‌కి ఓ లెక్క కాదు, తగ్గిస్తే అందం పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మూడోది టర్బో ఆపడం. తేడా అసలు తెలిసింది దీనితోనే. సీపీయూ వేగం చివరి మెట్లకు వెళ్లే కొద్దీ వోల్టేజ్ కూడా పెంచాలి, దాంతో వేగం కొంచెం పెరిగినా కరెంటు చాలా ఎక్కువ లాగుతుంది. ఆ చివరి మెట్లు కోసేస్తే మిగిలిన వాట్లు గ్రాఫిక్స్‌కి పోతాయి. విండోస్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతం చేస్తే ఇలాంటి ప్రాసెసర్లలో టర్బో ఆగిపోతుంది. సన్నటి లాప్‌టాప్‌లలో ఈ సెట్టింగ్ చాలాసార్లు కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించదు, అందుకని కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి:

```
powercfg /setacvalueindex SCHEME_CURRENT SUB_PROCESSOR PROCTHROTTLEMAX 99
powercfg /setactive SCHEME_CURRENT
```

ఇది చార్జర్ పెట్టి ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది. ఆట అయ్యాక 99 బదులు 100 పెట్టి మళ్లీ ఇవే రెండు లైన్లు కొట్టండి, లేదంటే మర్నాడు పెద్ద ఎక్సెల్ ఫైల్ తెరిచినప్పుడు లాప్‌టాప్‌ని తిట్టుకుంటారు. ఈ మూడూ అయ్యాక పోర్టల్ 2 నా దగ్గర 900లో నిలకడగా నడిచింది, ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గింది. రిలాక్స్ అవడానికి ఆడుతున్నాం కాబట్టి నాకైతే ఒక్కోసారి 80కి ఎగిరి 30కి పడే గేమ్ కంటే, కదలకుండా 45లో ఉండే గేమే మేలు.

టర్బో చిట్కా అన్నిటికీ పనికిరాదు. వందల సైనికులు ఒకేసారి కదిలే స్ట్రాటజీ గేమ్స్, నగరాలు కట్టే గేమ్స్‌లో భారం సీపీయూ మీదే పడుతుంది. అక్కడ టర్బో ఆపితే ఇంకా కుంటుతుంది. భారం ఎటు ఉందో తెలియాలంటే ఆడుతున్నప్పుడు గ్రాఫిక్స్ వాడకం ఎంతుందో చూడండి. 95 శాతం పైన ఉంటే గ్రాఫిక్స్‌కే భారం, రిజల్యూషన్ తగ్గిస్తే ఫలితం ఉంటుంది. లిమిట్ ఏదీ తగలకుండానే అది 50, 60 దగ్గర ఊగుతూ గేమ్ నెమ్మదిగా ఉంటే సీపీయూ వెనకబడుతోందన్నమాట, అప్పుడు రిజల్యూషన్ ఎంత తగ్గించినా దండగ. ఉష్ణోగ్రత 95 డిగ్రీల దగ్గర ఉండి, వాట్లు 15 కంటే కిందికి జారుతుంటే వేడి సమస్య. లాప్‌టాప్‌ని దుప్పటి మీద నుంచి బల్ల మీదికి మార్చి, వెనక భాగం కొంచెం ఎత్తి పెట్టి చూడండి.

ఇక ర్యామ్. ఇలాంటి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకని ఎన్ని జీబీ అన్నదానితో పాటు ఎన్ని చానెళ్లు అన్నది కూడా చూడాలి. DDR4-2400 ఒకే చానెల్‌లో ఉంటే సెకనుకు 19.2 జీబీ డేటా కదులుతుంది, రెండు చానెళ్లయితే 38.4. సీపీయూ కూడా అందులోంచే తీసుకోవాలి. CPU-Z లో Memory ట్యాబ్ తెరిస్తే చానెల్ సింగిలా డ్యూయలా అని చూపిస్తుంది. సింగిల్ అయి, లోపల ఒక స్లాట్ ఖాళీగా ఉంటే, ఇంకో ర్యామ్ స్టిక్ వేయడం కంటే మంచి అప్‌గ్రేడ్ ఈ లాప్‌టాప్‌కి లేదు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటే చేసేదేమీ లేదు. 11వ తరం ఐ5, ఐ7 లో ఒక తమాషా ఉంది. డబ్బా మీద Iris Xe అని ఉన్నా, ర్యామ్ ఒకే చానెల్‌లో ఉంటే డివైస్ మేనేజర్‌లో Intel UHD Graphics అనే కనిపిస్తుంది.

మీది 12వ తరం లేదా ఆ తర్వాతి ఇంటెల్ అయితే ఇంకో విషయం. వాటిలో డైరెక్ట్‌ఎక్స్ 9కి నేరుగా సపోర్ట్ లేదు. పాత గేమ్ ఇచ్చే ఆదేశాలను ఎక్కువగా డైరెక్ట్‌ఎక్స్ 12 లోకి మార్చి నడిపిస్తుంది. చాలా గేమ్స్ అలాగే బాగా నడుస్తాయి. ఏదైనా గేమ్ దానికున్న వయసుకి నడవాల్సినంత బాగా నడవకపోతే, ఆ మార్పిడిని ఇంకో దారిలో చేసే DXVK డౌన్‌లోడ్ చేసి, అందులోని x32 ఫోల్డర్ నుంచి `d3d9.dll` ఫైల్‌ను గేమ్ .exe పక్కన పెట్టండి. నచ్చకపోతే ఆ ఫైల్ తీసేస్తే సరి. యాంటీచీట్ ఉన్న ఆన్‌లైన్ గేమ్స్‌లో మాత్రం ఈ పని చేయకండి.

పాత డిస్కులు దాచుకున్నవాళ్లకు ఒక నిరాశ. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న డిస్కులు విండోస్ 10 నుంచి నడవవు, దానికి కావాల్సిన డ్రైవర్‌నే తీసేశారు. అలాంటి గేమ్‌ని డిజిటల్ స్టోర్‌లో మళ్లీ కొనుక్కోవాల్సిందే. జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లు ఫ్రేమ్ లిమిటర్ ఆపకండి. అందులో కదలికల లెక్క ఫ్రేమ్ వేగంతో ముడిపడి ఉంది. లిమిటర్ తీసేస్తే నీళ్లలో ఈదడం లాంటివి తేడా చేస్తాయి, లాప్‌టాప్ కూడా ఊరికే వేడెక్కుతుంది.

మొత్తమ్మీద UHD 620 స్థాయి గ్రాఫిక్స్‌తో 2011, 2012 వరకు వచ్చిన గేమ్స్ చాలావాటిని పైన చెప్పినట్టు సర్దుకుని ఆడొచ్చు. Iris Xe డ్యూయల్ చానెల్‌లో ఉంటే ఇంకొన్నేళ్లు ముందుకు రావచ్చు. ఈ మధ్య వచ్చిన పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్స్ జోలికి వెళ్లకండి, 720లో అన్నీ తగ్గించి పెట్టినా ఆ తడబాటు చూస్తే రిలాక్స్ అవడం మాట అటుంచి చిరాకు పుడుతుంది. ఇక లాప్‌టాప్ మీ సొంతం కాక కంపెనీదైతే, ఇన్‌స్టాల్ చేసే ముందు ఐటీ వాళ్లను అడగండి. అడ్మిన్ హక్కులు లేకపోతే పైన రాసిన powercfg కమాండ్‌లు పనిచేయకపోవచ్చు.