నడక లెక్క ఫోనుకు వదిలేయండి, డబ్బు నిద్ర కొలతకే పెట్టండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. అనంతపురంలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తాను. నెలకు 34,000 చేతికి వస్తుంది, అందులో 3,200 బైకు వాయిదాకు పోతుంది. ఈమధ్య చక్కెర పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. రోజూ నడవాలని, నిద్ర వేళలు సరిచేసుకోవాలని డాక్టరు గారు చెప్పారు. మా అబ్బాయి 18,000 రూపాయల స్మార్ట్‌వాచ్ కొనమంటున్నాడు. తొమ్మిది నెలలు, నెలకు 2,000 కడితే చాలు, వడ్డీ లేదంటున్నారు. 2,600కు వచ్చే మామూలు ఫిట్‌నెస్ బ్యాండు నాకు సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది. కానీ అది కూడా వెంటనే కొనకండి, ఒక నెల ఆగండి. నడకను కొలిచే పరికరం ఇప్పటికే మీ జేబులో ఉంది కాబట్టి ఈ మాట చెబుతున్నాను. స్మార్ట్‌ఫోన్లలో కదలికను గుర్తించే యాక్సిలరోమీటర్ ఉంటుంది. బ్యాండులోనైనా 18,000 వాచీలోనైనా అడుగులు లెక్కపెట్టేది అదే రకం సెన్సర్. ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రాన అడుగుల లెక్క ఆ మేరకు మెరుగుపడదు.

రేపు ఉదయం ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్లినా, మీ వీధిలోనే నడిచినా ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోనులోని ఆరోగ్య యాప్‌లో అప్పటివరకు ఉన్న అడుగుల సంఖ్య రాసుకుని, ఫోను ప్యాంటు జేబులో పెట్టుకుని, నోటితో లెక్కపెడుతూ 500 అడుగులు వేయండి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, యాప్ కొంచెం ఆలస్యంగా లెక్క కలుపుకోవచ్చు. తేడా ఇరవై ముప్పై అడుగుల లోపుంటే మీ అవసరానికి ఆ ఫోను చాలు. అరగంటలో సుమారు 3,000 అడుగులు పడుతున్నాయంటే, అంటే నిమిషానికి వంద చొప్పున, మీరు ఓ మోస్తరు వేగంతో నడుస్తున్నట్టే. రోజు మొత్తంలో ఎన్ని అడుగులు పడ్డాయన్న దానికంటే ఈ అరగంట లెక్క మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

చేతికి కట్టే పరికరానికి ఒక బలహీనత ఉంది. అది మీ కాళ్లను చూడదు, చేతి కదలికను బట్టి అడుగును ఊహిస్తుంది. రెండు చేతుల్లో సరుకుల సంచులు పట్టుకుని నడిస్తే కొన్ని అడుగులు తప్పిపోతాయి. మీ దుకాణంలో కౌంటరు వెనక నిలబడి చీరలు మడతపెట్టే వారి చేతికి కడితే, ఉన్నచోటే అడుగులు పెరగవచ్చు. ఖరీదైన వాచీకి కూడా ఈ ఇబ్బంది పూర్తిగా పోదు. అందుకే ఒక రోజు అంకెను పట్టించుకోకుండా ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చుకోవాలి. తప్పు రెండు వారాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి, మీ నడక పెరిగిందో తగ్గిందో ఆ పోలికలో తెలుస్తుంది.

ఇక మిగిలింది నిద్ర. రాత్రంతా ఫోనును ఒంటికి కట్టుకోలేము కాబట్టి దీనికి చేతికి కట్టే పరికరం కావాలి. మీరు డబ్బు పెట్టేది నిజానికి ఈ ఒక్క పనికే. అందుకే కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా ఒక్కటే: ఇది ప్రతి రాత్రీ నా చేతికి ఉంటుందా?

దీనికి జవాబు బ్యాటరీలో ఉంది. పెద్ద తెర, యాప్‌లు, కాల్స్ ఉన్న అసలైన స్మార్ట్‌వాచీలను చాలావరకు రోజుకోసారో రెండు రోజులకోసారో చార్జ్ చేయాలి. మీరు తెల్లవారుజామున నడిచి, పగలంతా దుకాణంలో ఉండి, రాత్రి ఇంటికి చేరతారు. చార్జింగ్‌కు మిగిలేది రాత్రి వేళే, నిద్రను కొలవాల్సిందీ అప్పుడే. వారంలో మూడు రాత్రులు వాచీ మంచం పక్కన చార్జర్ మీద ఉంటే ఆ వారం సగటుకు అర్థం లేదు. మామూలు బ్యాండు ఒకసారి చార్జ్ చేస్తే దాదాపు పది రోజులు వస్తుంది. ఆదివారం స్నానానికి, టిఫినుకు పట్టే సమయంలో చార్జ్ పెట్టుకుంటే ఒక్క రాత్రి కూడా పోదు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ఈ పరికరాల్లో ఉండే లిథియం బ్యాటరీ సాధారణంగా 300 నుంచి 500 పూర్తి చార్జింగుల తర్వాత తన శక్తిలో ఐదో వంతు వరకు కోల్పోతుంది. రోజూ చార్జ్ చేసే వాచీ ఏడాదిన్నరలోపే ఆ దశకు వస్తుంది. కొత్తలో రాత్రి దాకా బొటాబొటిగా వచ్చిన వాచీ అప్పుడు సాయంత్రానికే ఆగిపోతుంది. పది రోజులకోసారి చార్జ్ చేసే బ్యాండుకు ఏడాదికి అయ్యేవి సుమారు 36 చార్జింగులే. వాచీ బ్యాటరీ మార్చాలంటే ఆ సంస్థ సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందో, బెంగళూరుకు పంపాలో కొనకముందే అడిగి తెలుసుకోండి. వారంటీ సాధారణంగా ఏడాదే ఉంటుంది, వాడకంతో బ్యాటరీ నీరసించడం చాలాసార్లు అందులోకి రాదు.

బ్యాండు చెప్పే నిద్ర వివరాల్లో వేటిని నమ్మాలి? పడుకున్న వేళ, లేచిన వేళ, మొత్తం నిద్ర గంటలు, ఈ మూడు చూస్తే చాలు. కదలికను, చర్మం మీద పడే ఆకుపచ్చ కాంతితో కొలిచిన గుండె వేగాన్ని కలిపి ఈ పరికరాలు నిద్రను అంచనా వేస్తాయి. కదలకుండా మెలకువగా పడుకుని ఆలోచిస్తుంటే, ఆ అరగంటను కూడా నిద్రగా రాసేసుకోవచ్చు. గాఢ నిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అని చూపించే రంగుల పట్టీ మరింత దూరపు అంచనా. నిద్ర దశలను సరిగా తేల్చాలంటే ఆస్పత్రిలో మెదడు తరంగాలను నమోదు చేయాలి. కాబట్టి ఒక రాత్రి గాఢ నిద్ర తగ్గిందని దిగులు పడకండి. గట్టిగా గురక వస్తూ పగలంతా మగతగా ఉంటే మాత్రం బ్యాండు ఏం చెప్పినా సరే, డాక్టరు గారికి చెప్పండి.

ఇప్పుడు ఆ వడ్డీలేని వాయిదాల సంగతి. క్రెడిట్ కార్డు మీద ఇచ్చే ఇలాంటి పథకాల్లో బ్యాంకు వడ్డీ వసూలు చేస్తుంది, అమ్మకందారు అంత మొత్తాన్ని ముందుగానే తగ్గింపుగా ఇస్తాడు. వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే, మీ 18,000 వాయిదాల్లో అసలు సుమారు 16,925, వడ్డీ 1,075. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అది సుమారు 194. ప్రాసెసింగ్ రుసుము 199 అయితే దాని మీద కూడా జీఎస్టీ కలిపి 235. మొత్తం మీద దాదాపు 430 అదనంగా పోతుంది. ఇది పెద్ద మొత్తం కాదని నాకు తెలుసు. నా అభ్యంతరం వేరు: ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు చాలాసార్లు వాయిదాల్లో రాదు. పైగా బైకు వాయిదాకు ఇది తోడైతే నెలకు 5,200 కట్టి తీరాలి. ఒక్క నెల కార్డు బిల్లు గడువు దాటితే పడే ఆలస్య రుసుము, వడ్డీ ఆ 430ని మించిపోతాయి.

అదే 2,000ను తొమ్మిది నెలలు మీరు పక్కన పెడితే ఏమవుతుందో చూడండి. మొదటి నెల డబ్బులో మరికొంత కలిపి మంచి నడక బూట్లు, 2,500 లోపు. రెండో నెల బ్యాండు, 2,600. ఈ తొమ్మిది నెలల్లో డాక్టరు గారు చెప్పినప్పుడు రెండుసార్లు హెచ్‌బీఏ1సీ పరీక్షకు 1,200 ఉంచుదాం. ఇవన్నీ పోగా 11,700 మిగులుతుంది. ఏదో ఒక నెల జీతం ఆలస్యమైతే మూడు నెలల బైకు వాయిదాకు అది సరిపోతుంది. మీ నడక ఫలితం చెప్పేది కూడా ఆ పరీక్షే. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ, మీ 6.1 అందులోనే ఉంది. అది గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపుతుంది కాబట్టి నెలనెలా చేయించాల్సిన పని లేదు.

చక్కెర ప్రస్తావన వచ్చింది కాబట్టి గట్టిగా హెచ్చరించాలి. సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర చూపిస్తుందంటూ కొన్ని వాచీలు అమ్ముతున్నారు. అలా కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడవద్దని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. మీలాంటి స్థితిలో ఉన్నవారికే ఈ సరుకు అంటగడతారు. ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకండి.

రెండు మూడు వేలకు పెద్ద తెరతో, కాల్స్ మాట్లాడే సౌకర్యంతో వచ్చే వాచీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పెట్టె మీద వారం రోజుల బ్యాటరీ అని ఉన్నా, కాల్స్ సౌకర్యం తెరిచి ఉంచితే అది బాగా తగ్గిపోతుంది. బ్యాండైనా ఇలాంటి వాచీ అయినా, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే రెండు పరీక్షలు చేయండి. ఒకటి, పైన చెప్పిన 500 అడుగులు. రెండోది, రాత్రి కదలకుండా కూర్చుని గంటసేపు టీవీ చూడండి. తెల్లారి ఆ గంటను నిద్రగా చూపిస్తే ఆ పరికరం నిద్ర లెక్క మీకు పనికిరాదు. గడువులో డబ్బు వెనక్కి ఇస్తారా, వస్తువు మాత్రమే మారుస్తారా అన్నది కొనకముందే చదవండి. అనంతపురం ఎండల్లో చెమటకు పట్టీ కింద చర్మం ఎర్రబడుతుంది. రోజూ పట్టీ కడిగి ఆరబెట్టి, మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, జారకుండా, నొక్కుకోకుండా కట్టుకోండి.

మీ అబ్బాయి మాట పూర్తిగా తోసిపుచ్చడం లేదు. గుండె లయలో తేడా ఉందని డాక్టరు గారు ఈసీజీ తీసే వాచీ వాడమని చెప్పినా, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారు పడిపోతే కబురు పంపే ఏర్పాటు కావాలన్నా స్మార్ట్‌వాచీకి ఆ ధర పెట్టవచ్చు. మీ ప్రశ్నలో అలాంటి అవసరం కనబడలేదు.

నాకు కనబడింది వేరే అవసరం. మీ జీతం ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్‌ఐ పరిమితి 21,000 దాటింది. దుకాణం తరఫున బీమా లేకపోతే, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కుటుంబానికి అర్హత ఉందో లేదో ముందు చూసుకోండి, తర్వాత కుటుంబ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయండి. 6.1 వచ్చిన సంగతి ఫారంలో తప్పకుండా రాయండి, దాచితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం వారికి ఇచ్చినట్టే. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. పాలసీ ఎంత త్వరగా మొదలైతే ఆ మూడేళ్లు అంత త్వరగా పూర్తవుతాయి. బ్యాండు కొనడానికి నెల ఆగమన్నాను కదా, ఈ దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టండి.