లిఫ్ట్ ఏఎంసీ మధ్యలో ఆపాలంటే నోటీసు ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ లిఫ్టుల ఏఎంసీ ఇంకా ఎనిమిది నెలలు ఉంది. సర్వీస్ బాగాలేదు, ఆపేద్దామనుకుంటున్నాం. అగ్రిమెంట్‌లో 60 రోజుల నోటీసు అని ఉంది. మేనేజర్‌కి వాట్సాప్‌లో చెబితే సరిపోతుందా? అడ్వాన్సుగా కట్టిన డబ్బులో మిగిలింది వెనక్కి ఇస్తారా?

జవాబు:

వాట్సాప్‌లో చెప్పి ఊరుకోకండి. 2023లో మేం దాదాపు అదే పని చేసి ఇరుక్కున్నాం.

మాది హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, రెండు లిఫ్టులు. అప్పుడు నేను అసోసియేషన్ సెక్రటరీని. ఏఎంసీ మే 31న అయిపోతుంది కదా, ఇక వద్దని చెప్పేద్దామని ఏప్రిల్ 20న బ్రాంచ్ మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. పది నిమిషాల్లో 'ఓకే సర్, నోటెడ్' అని జవాబొచ్చింది. పని అయిపోయిందనుకున్నాను. జూన్ మొదటి వారంలో కొత్త సంవత్సరానికి 72,000, దానిపై 18 శాతం జీఎస్టీ 12,960, మొత్తం 84,960 రూపాయలకు ఇన్వాయిస్ దిగింది. అదేంటని అడిగితే అగ్రిమెంట్ చదవమన్నారు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేను దాన్ని పూర్తిగా చదవలేదు. మా ముందు కమిటీ సంతకం చేసిన కాగితం అది.

చదివితే తెలిసింది. క్లాజ్ 3.2 ప్రకారం గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే ఏఎంసీ దానంతటదే ఇంకో ఏడాది రెన్యూ అవుతుంది. అంటే మా నోటీసు ఏప్రిల్ 1కల్లా వాళ్లకు చేరాలి. నేను పెట్టింది 41 రోజుల ముందు. పైగా క్లాజ్ 14లో నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసుకే పంపాలని ఉంది. ఆ ఆఫీసు వేరే రాష్ట్రంలో. బ్రాంచ్ మేనేజర్ 'నోటెడ్' అన్నా, ఆ క్లాజ్ లెక్కలో అది నోటీసే కాదు. ఐదో అంతస్తులో మోకాళ్ల ఆపరేషన్ అయిన పెద్దావిడ ఉండటంతో లిఫ్ట్ ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌లో డబ్బు కట్టేశాం.

తర్వాత ఆగస్టులో మొదలుపెట్టి సరిగ్గా చేశాం. మీకు పనికొచ్చేది ఆ భాగమే.

ముందు మీ అగ్రిమెంట్‌లో 60 రోజులన్న మాట ఎక్కడెక్కడ ఉందో చూడండి. మాదాంట్లో మూడు దారులుండేవి. ఒకటి పైన చెప్పిన రెన్యువల్ ఆపడం. రెండోది 11.1, అంటే అవతలివాళ్లు ఒప్పందం ఉల్లంఘిస్తే రద్దు చేయడం. మూడోది 11.2, ఏ కారణమూ చెప్పకుండా ఎవరైనా 60 రోజుల రాతపూర్వక నోటీసుతో రద్దు చేసుకోవడం. మీకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి కాబట్టి మీకు కావాల్సింది మూడో రకం క్లాజ్. మీ 60 రోజులు రెన్యువల్‌కి సంబంధించినవే అయ్యుండి, మధ్యలో ఆపే క్లాజ్ వేరే లేకపోతే కథ మారుతుంది. అప్పుడు ఉల్లంఘన నిరూపించాలి, లేదా మాట్లాడుకుని తేల్చుకోవాలి. లాక్-ఇన్, అంటే ఇంతకాలం దాకా ఆపకూడదన్న షరతు, ఏమైనా ఉందేమో కూడా చూసుకోండి. ముందే ఆపితే ఇంత కట్టాలని రాసి ఉన్నా, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం వాళ్లకు దక్కేది సమంజసమైన పరిహారమే. కాగితం మీద ఉన్న అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

నా మొదటి డ్రాఫ్ట్ రెండు పేజీలొచ్చింది. లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగింది, ఎవరు లోపల ఇరుక్కున్నారు, టెక్నీషియన్ ఎన్ని గంటలు ఆలస్యంగా వచ్చాడు, కోపమంతా కక్కేశాను. మా బ్లాక్‌లోనే ఉండే లాయర్ గారు చదివి, పెన్ను తీసుకుని దాదాపు అంతా కొట్టేశారు. "మీరు ఫిర్యాదులు రాస్తే ఇది 11.1 కింద ఇచ్చిన నోటీసు అంటారండీ. అందులో సరిదిద్దుకోవడానికి వాళ్లకు 30 రోజుల టైముంది. ఒక డోర్ సెన్సర్ మార్చి, సరిచేశాం, ఇక రద్దు కుదరదంటారు" అన్నారు. కారణం అవసరం లేని క్లాజ్ చేతిలో ఉన్నప్పుడు కారణాలు రాసి వాదనకు తలుపు తీయకూడదన్నది ఆయన మాట. ఫిర్యాదుల రికార్డు పారేయకండి, విడిగా ఫైల్లో ఉంచండి.

మిగిలింది ఒక పేజీ. అగ్రిమెంట్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి నోటీసూ ఇంగ్లీషులోనే, క్లాజ్‌లో వాడిన మాటలే వాడుతూ పంపాం. దాని సారం ఇది:

"విషయం: ఫలానా తేదీ, ఫలానా నంబర్ గల లిఫ్ట్ మెయింటెనెన్స్ అగ్రిమెంట్‌ను క్లాజ్ 11.2 కింద రద్దు చేస్తూ నోటీసు. పై అగ్రిమెంట్‌ను క్లాజ్ 11.2 ప్రకారం 60 రోజుల నోటీసుతో రద్దు చేస్తున్నాం. ఈ నోటీసు క్లాజ్ 14 ప్రకారం మీ రిజిస్టర్డ్ ఆఫీసుకు పంపుతున్నాం. అగ్రిమెంట్ 2023 నవంబర్ 10 పని వేళలు ముగిసేసరికి ముగుస్తుంది. ఒకవేళ ఆ తేదీకి 60 రోజులు పూర్తి కాకపోతే, పూర్తయిన రోజున ముగుస్తుంది. అప్పటివరకు అగ్రిమెంట్ ప్రకారం సర్వీస్ కొనసాగించాలి. మిగిలిన కాలానికి మేం చెల్లించిన మొత్తాన్ని జీఎస్టీతో సహా తిరిగి ఇవ్వాలి. లిఫ్టుల తాళాలు, లాగ్‌బుక్, కంట్రోలర్ పాస్‌వర్డ్ మాకు అప్పగించాలి. క్లాజ్ 3.2 కింద రెన్యువల్ కూడా మాకు వద్దు. మా ఇతర హక్కులకు దీనివల్ల భంగం లేదు."

ఇందులో రెండు వాక్యాల గురించి చెప్పాలి. 'ఒకవేళ 60 రోజులు పూర్తి కాకపోతే' అన్నది లేకపోతే, తేదీ లెక్క ఒక్కరోజు తప్పినా నోటీసే చెల్లదని వాదించే అవకాశం ఉంటుంది. రెన్యువల్ వద్దన్న వాక్యం రెండో తాడు లాంటిది. రద్దు మీద గొడవ జరిగినా, కనీసం వచ్చే ఏడాది మళ్లీ మెడకు చుట్టుకోదు.

ఇక తేదీ లెక్క. మా అగ్రిమెంట్‌లో నోటీసు 'అందిన రోజు నుంచి' అని ఉంది, పంపిన రోజు నుంచి కాదు. సెప్టెంబర్ 2న పోస్టు చేస్తే 5న చేరింది. అందిన రోజును వదిలేసి 6 నుంచి లెక్కపెట్టాం. సెప్టెంబర్‌లో 25, అక్టోబర్‌లో 31, మొత్తం 56. నవంబర్ 4తో 60 నిండుతాయి. పోస్టు ఆలస్యమవుతుందేమోనని ముందే ఆరు రోజులు కలిపి 10 అని రాశాం కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు.

నోటీసు అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ప్రెసిడెంట్, సెక్రటరీ ఇద్దరం సంతకం చేసి, రద్దు చేయాలని కమిటీ చేసిన తీర్మానం కాపీ జతచేశాం. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన పాత ప్రెసిడెంట్ ఫ్లాట్ అమ్మేసి వెళ్లిపోయారు. 'మీకు అధికారం ఏముంది' అని అడగకుండా ఆ తీర్మానమే అడ్డుపడింది.

మేం అప్పుడు ఎక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టు చేశాం. తిరిగొచ్చిన కార్డు మీద కంపెనీ స్టాంపు అలుక్కుపోయి ఉంది, తేదీ అసలు కనపడలేదు. మమ్మల్ని కాపాడింది నేను డెలివరీ అయిన రోజే ప్రింట్ తీసుకున్న ట్రాకింగ్ పేజీ. మీరూ అదే రోజు తీసుకోండి, తర్వాత చూద్దామనుకుంటే ఆ వివరాలు వెబ్‌సైట్‌లో ఉండకపోవచ్చు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఇప్పుడు కౌంటర్‌లో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ కావాలని అడగండి. అదే కాపీని బ్రాంచికి, మెయిల్‌కి, కావాలంటే వాట్సాప్‌కి కూడా పంపండి. అసలు నోటీసు మాత్రం క్లాజ్ చెప్పిన అడ్రసుకే వెళ్లాలి.

నోటీసు కాలంలో సర్వీస్ నెమ్మదిస్తుంది, అది ఊహించుకోండి. ప్రతి కాల్‌కీ కంప్లయింట్ నంబర్, టైమ్ రాసిపెట్టుకున్నాం. కొత్త కంపెనీ అక్టోబర్‌లోనే వచ్చి చూసి వెళ్లింది. నవంబర్ 11 ఉదయం నుంచి వాళ్ల ఏఎంసీ మొదలయ్యేలా పెట్టుకున్నాం. మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ వదలకండి. ఎవరైనా లోపల ఇరుక్కుంటే ఫోన్ చేయడానికి ఒక నంబర్ ఉండాలి కదా.

పదో తేదీన పాత టెక్నీషియన్, కొత్త టెక్నీషియన్ ఇద్దరినీ మెషీన్ రూమ్‌లో నిలబెట్టి చూపించాం. మెషీన్ రూమ్ తాళం, బయటి నుంచి డోర్ తెరిచే తాళంచెవి తీసుకున్నాం. అసలు పేచీ కంట్రోలర్ పాస్‌వర్డ్ దగ్గర వచ్చింది. అది లేకపోతే కొత్తవాళ్లు సెట్టింగులు ముట్టుకోలేరు. 'ఆఫీసును అడగాలి' అంటూ ఆ అబ్బాయి గంటసేపు ఫోన్‌లో తిరిగాడు. నోటీసులో ఆ మాట రాసి ఉండటం, ఆ పేజీ నా చేతిలో ఉండటంతో చివరికి ఇచ్చాడు. కొత్తవాళ్లు అక్కడే పెట్టి చూసి, పనిచేసిందన్నాకే అప్పగింత కాగితం మీద సంతకాలు చేశాం.

డబ్బు సంగతి. రద్దయితే మిగిలిన కాలానికి రోజుల లెక్కన వాపసు ఇస్తామని మా అగ్రిమెంట్‌లో స్పష్టంగా ఉంది. మీదాంట్లో అలా ఉందో, లేక 'కట్టింది వాపసు రాదు' అని ఉందో నోటీసు రాయకముందే చూసుకోండి. జూన్ 1 నుంచి నవంబర్ 10 వరకు వాడింది 163 రోజులు. నేను మొదట 365తో లెక్కేశాను, మా ట్రెజరర్ నవ్వి '2024 ఫిబ్రవరిలో 29 ఉంది సర్' అన్నారు. అంటే ఆ ఏడాది 366 రోజులు, మిగిలినవి 203. 72,000ను 366తో భాగించి 203తో గుణిస్తే 39,934, దానిపై జీఎస్టీ 7,188, కలిపి 47,122 రూపాయలు. ఈ లెక్కను డిమాండ్ లెటర్‌గా రాసి నవంబర్ 13న పంపాం.

వాళ్లు మొదట జీఎస్టీ ప్రభుత్వానికి కట్టేశాం, అది ఇవ్వలేమన్నారు. అది సగం నిజం. ఇన్వాయిస్‌ మొత్తాన్ని తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇస్తే వాళ్లు ఆ పన్ను తగ్గించుకోవచ్చు. కాకపోతే దానికి గడువుంది. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు, లేదా వాళ్లు వార్షిక రిటర్న్ అంతకుముందే వేస్తే ఆ లోపు చూపించాలి. ఈ విషయం మెయిల్‌లో రాసి క్రెడిట్ నోట్ అడిగాం. మూడు రిమైండర్లు పడ్డాయి. జనవరిలో క్రెడిట్ నోట్, దాని వెనకే మొత్తం 47,122 బ్యాంకులో పడ్డాయి.

మీ అగ్రిమెంట్‌లోని రద్దు క్లాజ్, నోటీసు క్లాజ్ ఫొటోలు పెడితే, పేర్లు చెరిపేసి పెట్టండి, ఏ తేదీ వేయాలో చూసి చెబుతాను.