చేరే తేదీ ఆగిందన్న మెయిల్‌కు ఏమని జవాబివ్వాలి?

"ఆఫర్ లెటర్ మీద సంతకం చేసి పంపాను, పాత ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చాను. ఇప్పుడు 'అంతర్గత కారణాల వల్ల మీ చేరికను ప్రస్తుతానికి నిలిపి ఉంచాము' అని మెయిల్ వచ్చింది. కోపం బయటపడకుండా ఏం రాయాలి?"

నాకు ఇలాంటి మెయిల్ వచ్చేనాటికి నోటీసు గడువులో 11 రోజులే మిగిలాయి. ఆ రాత్రి రెండు పేజీల జవాబు రాశాను. పొద్దున చదివితే అందులో బాధ ఉంది, నిష్ఠూరం ఉంది, ప్రశ్న మాత్రం ఒక్కటీ లేదు. దాన్ని పక్కన పెట్టి, వాళ్లు పంపిన మెయిల్‌కే జవాబుగా ఇది పంపాను:

"మీ సమాచారం అందింది. నేను సంతకం చేసిన ఆఫర్ ఇంకా అమల్లో ఉందా, రద్దయిందా? అమల్లో ఉంటే కొత్తగా చేరే తేదీ ఏది? తేదీ ఇంకా ఖరారు కాకపోతే, ఎప్పటిలోగా నిర్ణయిస్తారు? మీ ఆఫర్‌ను నమ్మి రాజీనామా ఇచ్చాను, ఈ నెల 19 నా చివరి పనిదినం. అందువల్ల 14లోగా రాతపూర్వకంగా జవాబివ్వగలరు. ఈ ఉద్యోగంలో చేరడానికి నేను సిద్ధంగానే ఉన్నాను."

మొదటి ప్రశ్నే కీలకం. 'నిలిపి ఉంచాము' అంటే వాయిదా కావచ్చు, మర్యాదగా చెప్పిన రద్దూ కావచ్చు. రెండింటిలో ఏదో వాళ్ల చేతే రాయించాలి. చివరి వాక్యం కూడా ఊరికే పెట్టింది కాదు: మీరే వెనక్కి తగ్గారన్న మాట రాకుండా కాపాడుతుంది. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ కదా, 'ఫర్వాలేదు, అర్థం చేసుకోగలను' అని రాసేస్తాం. రాయకండి. రద్దుకు మీరు ఒప్పుకున్నట్టు చదవడానికి అది వీలిస్తుంది. పరిహారం మాట ఈ మెయిల్‌లో ఎత్తకండి. అది లెటర్‌లోని షరతుల మీద, అక్కడి చట్టం మీద ఆధారపడుతుంది. రద్దని తేలాక, లెటర్ పట్టుకుని తెలిసినవారిని అడగాలి.

నాకు జవాబు మెయిల్‌లో రాలేదు, ఆ కంపెనీ నుంచి ఒకామె ఫోన్ చేశారు. "కంగారు పడకండి, వచ్చే నెలలో తప్పకుండా" అన్నారామె. ఫోన్ పెట్టిన పది నిమిషాల్లో "వచ్చే నెలలో చేర్చుకుంటామని మీరు ఫోన్‌లో చెప్పారు, దయచేసి ధ్రువీకరించండి" అని మళ్లీ రాశాను. 14 దాటినా ధ్రువీకరణ రాలేదు. నాకు కావలసిన సమాధానం ఆ మౌనంలోనే దొరికింది.

15న పాత మేనేజర్ దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి, రాజీనామా వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. నా స్థానంలో ఇంకా ఎవరినీ తీసుకోలేదు కాబట్టి ఒప్పుకున్నారు. 19 దాటాక అడిగి ఉంటే ఆయన చేతిలో కూడా ఏమీ ఉండేది కాదు. ఆఫర్ రద్దయిందన్న మెయిల్ ఆ తర్వాత మూడు వారాలకు వచ్చింది.